తొమ్మిదో క్లాజు ఎవరిని కాపాడుతోంది? ఫ్రీలాన్స్ ఒప్పందంలో నష్టపరిహార పరిమితిని మామూలు మాటల్లోకి మార్చే పద్ధతి

మే నెలాఖరు ఆదివారం. సముద్రం పక్కనే ఉన్నా గాలి లేని ఉక్క. మా వీధి చివర ఉండే అమ్మాయి పదకొండు పేజీల ఒప్పందం పట్టుకుని విశాఖ సీతమ్మధారలోని మా ఇంటికి వచ్చింది. తను ప్యాకింగ్ డిజైనర్, సొంతంగా పనులు చేసుకుంటుంది. నగరంలోని ఒక రొయ్యల ఎగుమతి సంస్థ అమెరికాకు పంపే ప్యాకెట్ల మీద లేబుళ్లు చేయమని అడిగింది. రుసుము 1,80,000 రూపాయలు, మూడు వాయిదాల్లో. సంతకానికి వారం గడువు.

“బాబాయ్, ఇందులో తొమ్మిదో క్లాజు నాకు మంచిదే కదా?”

“ఏమి అర్థమైందమ్మా?”

“మూడుసార్లు చదివాను. తప్పు జరిగినా లక్ష రూపాయలకు మించి నేను కట్టక్కర్లేదని ఉంది.”

ఆ మాట క్లాజులో ఉంది, నిజమే. కానీ ఆ క్లాజు చెప్పేది అది కాదు. నేను న్యాయవాదిని కాను. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వాడుక పుస్తకాలు రాస్తూ బతికినవాణ్ని. ముడిపడిన వాక్యాన్ని విప్పడం మాత్రం నా రోజువారీ పని. ఆ రోజు మేమిద్దరం కూర్చుని ఆ క్లాజును ఎలా విప్పామో వరుసగా చెబుతాను. మీ ఒప్పందంలో అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మారదు.

ఒప్పందం ఇంగ్లిషులో ఉంది. ‘లిమిటేషన్ ఆఫ్ లయబిలిటీ’ అనే శీర్షిక కింద మొత్తం ఒకే వాక్యం. దాన్ని మాటకు మాట తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

“ఈ ఒప్పందంలో ఇందుకు విరుద్ధంగా ఏమి ఉన్నప్పటికీ, చట్టం అనుమతించే గరిష్ఠ మేరకు, ఈ ఒప్పందం నుంచి గానీ దానికి సంబంధించి గానీ తలెత్తే ఏ పరోక్ష, యాదృచ్ఛిక, ప్రత్యేక లేదా పర్యవసాన నష్టానికైనా, లాభాల నష్టం, వ్యాపార నష్టం, ఖ్యాతి నష్టం సహా, అది ఒప్పంద ఉల్లంఘన వల్ల కలిగినా, నిర్లక్ష్యం వల్ల కలిగినా, మరే విధంగా కలిగినా, అటువంటి నష్టం సంభవించవచ్చని ముందే తెలియజేసి ఉన్నప్పటికీ, ఏ పక్షమూ మరొక పక్షానికి బాధ్యత వహించదు, మరియు ఏ పక్షపు మొత్తం సంచిత బాధ్యత అయినా, క్లెయిముకు కారణమైన సంఘటనకు ముందటి మూడు నెలల్లో డిజైనర్‌కు వాస్తవంగా చెల్లించిన రుసుమును గానీ, 1,00,000 రూపాయలను గానీ, వాటిలో ఏది తక్కువైతే దాన్ని, మించదు, అయితే ఈ క్లాజులోని ఏదీ క్లాజు 6, క్లాజు 11 కింద డిజైనర్ బాధ్యతలకు వర్తించదు.”

మొదటి పని: కోయడం, మార్చకుండా

చాలామంది చదువుతూనే సొంత మాటల్లో చెప్పడం మొదలుపెడతారు. అక్కడే తప్పు దొర్లుతుంది. మొదట కాగితం మీద ముద్రించుకుని, సెమీకోలన్ ఉన్న ప్రతిచోటా, రెండు వాక్యాలను కలిపే ‘మరియు’ ఉన్న ప్రతిచోటా, ‘అయితే’ అని ఉన్న ప్రతిచోటా అడ్డగీత గీయండి. ఒక్క మాట కూడా మార్చకండి.

మా క్లాజు మూడు ముక్కలైంది. మొదటి ముక్క కొన్ని రకాల నష్టాలను పూర్తిగా పక్కన పెడుతుంది. రెండో ముక్క మిగిలిన నష్టాలకు డబ్బు పరిమితి పెడుతుంది. మూడో ముక్క ‘అయితే’ అంటూ మొదటి రెండింటికీ మినహాయింపు ఇస్తుంది. ఈ జాతి క్లాజులు ఎక్కువగా ఈ మూడు ముక్కల కూర్పే. ఒక్కోసారి మూడో ముక్క వేరే పేజీలో దాక్కుంటుంది. మీ క్లాజులో అది కనిపించకపోతే, లేదని అనుకోకుండా ఒప్పందం మొత్తం వెతకండి.

తెలుగులో పెట్టేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిషు వాక్యంలో ‘కాదు’ అన్న మాట మొదట్లోనే వచ్చేస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది కాబట్టి, ‘వహించదు’ అన్న చోటికి చేరేదాకా వహిస్తుందో వహించదో తెలియదు. అప్పటికి ముప్పై మాటలకు పైగా గడిచిపోతాయి. అందుకే ప్రతి ముక్క పక్కనా అంచులో దాని ఫలితాన్ని రెండు మాటల్లో రాసుకోండి: ‘ఇవ్వక్కర్లేదు’, ‘ఇంతకు మించదు’, ‘ఇది వర్తించదు’. తిరిగి రాసేటప్పుడు ఆ రెండు మాటల నుంచే వాక్యం కట్టాలి.

రెండో పని: ‘బాధ్యత’ అన్న మాటను తీసేయడం

ఆ అమ్మాయిని తడబాటుకు గురిచేసింది నిజానికి ఈ మాటే. తెలుగులో బాధ్యత అంటే చేయవలసిన పని కూడా. “నా బాధ్యతకు పరిమితి ఉంది” అని చదివితే, పని ఇంతవరకే చేస్తే చాలన్న అర్థం కూడా స్ఫురిస్తుంది. ఇక్కడ సంగతి పని కాదు, పని చెడితే జేబులోంచి పోయే డబ్బు. కాబట్టి ‘బాధ్యత వహించదు’ అన్న చోట ‘డబ్బు ఇవ్వక్కర్లేదు’ అని రాయండి. మోటుగా ఉందని వెనక్కి తగ్గకండి. మోటుగా ఉన్నదే తప్పించుకోలేని మాట.

‘పక్షం’ అన్న మాటకూ ఇదే వైద్యం. దాని స్థానంలో ‘నేను’, ‘మీరు’ పెట్టండి. ‘ఏ పక్షమూ’ అని ఉంటే రెండు వాక్యాలు రాయాలి: మీకు నేను ఇవ్వక్కర్లేదు, నాకు మీరు ఇవ్వక్కర్లేదు. రెండో వాక్యం రాసినప్పుడే ఆ అమ్మాయి పెన్ను ఆగింది. క్లాజు తనకే కాదు, సంస్థకూ గొడుగు పడుతోందని అప్పటిదాకా తోచలేదు. మూడో ముక్కలో మాత్రం ‘ఏ పక్షమూ’ లేదు, ‘డిజైనర్ బాధ్యతలకు’ అని ఉంది. అంటే ‘నాకు’ అన్న వాక్యం ఒక్కటే వస్తుంది, దానికి జంట రాదు. ఆ జంట లేని వాక్యం కింద ఎర్రగీత గీశాం.

మూడో పని: ఏ నష్టాలు బయటికి పోతున్నాయో తేల్చడం

పరోక్ష, ప్రత్యేక, పర్యవసాన లాంటి విశేషణాలను నిఘంటువులో వెతికితే ఏమీ దొరకదు. వీటి వెనక ఉన్నది 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 73వ సెక్షన్. ఒకరు ఒప్పందం తప్పితే రెండో వారికి రెండు రకాల నష్టానికి పరిహారం వస్తుందని అది చెబుతుంది. అలా తప్పినప్పుడు మామూలుగా, సహజంగా కలిగే నష్టం ఒకటి. ఒప్పందం చేసుకునేటప్పుడే, తప్పితే ఇలా జరగవచ్చని ఇద్దరికీ తెలిసిన నష్టం రెండోది. దూరపు, పరోక్ష నష్టానికి పరిహారం ఇవ్వకూడదని ఆ సెక్షనే అంటుంది.

దాని కింద చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకతను తన మిల్లుకు చేర్చమని ఒక యంత్రాన్ని రవాణాదారుకు ఇస్తాడు, అది లేక మిల్లు ఆగిపోయిందని కూడా చెబుతాడు. రవాణాదారు అకారణంగా ఆలస్యం చేస్తాడు. ఈలోగా మిల్లు యజమాని ప్రభుత్వంతో లాభసాటి ఒప్పందం ఒకటి పోగొట్టుకుంటాడు. మిల్లు ఆగిన రోజులకు సగటున వచ్చే లాభం అతనికి దక్కుతుంది. ప్రభుత్వ ఒప్పందం పోయిన నష్టం మాత్రం దక్కదు. ఆ మిల్లును తలలో పెట్టుకుంటే ఈ విశేషణాలన్నీ దారికొస్తాయి.

మా క్లాజులోని రెండు చోట్లు దీనివల్లే తేటపడ్డాయి. ‘అటువంటి నష్టం సంభవించవచ్చని ముందే తెలియజేసి ఉన్నప్పటికీ’ అన్నది ఊకదంపుడులా కనిపిస్తుంది, సులభంగా రాసేవాళ్లు మొదట కొట్టేసేదీ అదే. కానీ 73వ సెక్షన్ ప్రకారం ముందే తెలిసి ఉండటం పరిహారం రాబట్టే ఆయుధం. “ఈ లేబుల్ తప్పయితే పెద్ద కొనుగోలుదారు పోతాడని నీకు చెప్పాను కదా” అని సంస్థ అనే వీలును ఆ మాటలు తీసేస్తున్నాయి. కాబట్టి వాటిని ఉంచాలి, సులువుగా: “ముందే చెప్పి ఉన్నా సరే.”

రెండోది ‘లాభాల నష్టం సహా’. మిల్లు కథలో సగటు లాభం నేరుగా కలిగిన నష్టమే, దానికి పరిహారం వచ్చింది. మరి మా క్లాజు లాభాలన్నిటినీ తీసేస్తోందా, పరోక్షమైన లాభాలను మాత్రమేనా? ‘సహా’ అన్న మాట పరోక్ష నష్టాల వెనక వేలాడుతోంది కాబట్టి రెండు రకాలుగానూ వాదించవచ్చు. ఇలాంటి చోట తిరగరాసేవాడికి పుట్టే పెద్ద దుర్బుద్ధి ఒకటుంది: ఏదో ఒక అర్థాన్ని ఎంచుకుని నున్నగా రాసేయడం. అలా చేయకండి. రెండు అర్థాలున్న చోట మీ రాతలో ప్రశ్నగుర్తు పెట్టి వదలండి. అవతలివాళ్లను అడగవలసిన ప్రశ్నల చిట్టా అక్కడి నుంచే పుడుతుంది.

‘ఒప్పంద ఉల్లంఘన వల్ల కలిగినా, నిర్లక్ష్యం వల్ల కలిగినా’ అన్నదానికి ఎక్కువ సమయం వద్దు. ఒప్పందం పేరు చెప్పకుండా “నీ అజాగ్రత్త వల్ల నష్టపోయాను” అని వేరే దారిలో దావా వేసినా ఇదే లెక్క అని దాని భావం. “ఏ పేరుతో అడిగినా” అంటే సరిపోతుంది.

నాలుగో పని: పరిమితిని క్యాలెండరు మీద పెట్టడం

‘1,00,000 రూపాయలు’ అన్న అంకె కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాని ముందున్న సూత్రం మీద చూపు నిలవదు. ఆ సూత్రాన్ని మాటల్లోకి మార్చే ముందు తేదీలు వేసి చూడాలి.

వాయిదాలు ఇలా ఉన్నాయి: సంతకం రోజు జూన్ 5న 60,000, డిజైన్ ఖరారయ్యాక ఆగస్టు 10న 60,000, ఆఖరి ఫైళ్లు ఇచ్చాక అక్టోబరు 20న 60,000. ఇప్పుడు ఒక ప్రమాదం ఊహిద్దాం. పిండి పూత పూసిన రొయ్యల ప్యాకెట్ మీద గోధుమ అలర్జీ హెచ్చరిక రాయాలి, అమెరికా చట్టం ప్రకారం అది తప్పనిసరి. మూడో రకం ప్యాకెట్ లేబుల్‌లో ఆ హెచ్చరిక జారిపోయింది. ఆఖరి ఫైళ్లు అక్టోబరు 15న వెళ్లాయి, నవంబరు 1న ప్లాంటులో లేబుళ్లు అతికించారు, శీతల కంటైనర్ విశాఖ కంటైనర్ టెర్మినల్ నుంచి ఓడెక్కింది, ఫిబ్రవరి 20న అమెరికా రేవులో సరుకును ఆపేశారు.

‘క్లెయిముకు కారణమైన సంఘటన’ ఏ రోజు జరిగినట్టు?

తప్పు ఫైలు ఇచ్చిన అక్టోబరు 15 అనుకుంటే, ముందటి మూడు నెలల్లో అందింది ఆగస్టు వాయిదా ఒక్కటే. పరిమితి 60,000. లేబుళ్లు అతికించిన నవంబరు 1 అనుకుంటే, ఆగస్టు, అక్టోబరు వాయిదాలు రెండూ ఆ కిటికీలో పడతాయి. 1,20,000 అవుతుంది, లక్ష దానికన్నా తక్కువ కాబట్టి పరిమితి 1,00,000. సరుకు ఆగిన ఫిబ్రవరి 20 అనుకుంటే, నవంబరు 20 తర్వాత ఒక్క రూపాయీ చెల్లించలేదు. పరిమితి సున్నా.

ఒకే తప్పుకు మూడు జవాబులు. ఇక్కడ కూడా ప్రశ్నగుర్తు పెట్టాం.

సున్నా అని తేలగానే ఆ అమ్మాయి ముఖం వెలిగింది. నేను కాగితం తిప్పాను. “ఇప్పుడు వాళ్లు నీకు బాకీ పడ్డారనుకో.” జూన్ వాయిదా ఇచ్చి, మిగిలిన రెండూ ఎగ్గొట్టారు. అక్టోబరు 20న లెక్క చూస్తే ముందటి మూడు నెలల్లో చెల్లించింది ఏమీ లేదు. ‘ఏ పక్షపు మొత్తం బాధ్యత అయినా’ చెల్లించిన రుసుమును మించదు కాబట్టి, 1,20,000 బాకీకి వాళ్ల పరిమితి సున్నా అని వాదించడానికి దారి ఉంది. బాకీ వేరు, నష్టపరిహారం వేరు అని మనమూ గట్టిగా వాదించవచ్చు, నా దృష్టిలో అదే సరైన అర్థం. కానీ చెల్లించినదాన్ని బట్టి కొలిచే పరిమితి ఇద్దరికీ ఉమ్మడిగా ఉంటే, తక్కువ చెల్లించినవాడికే ఎక్కువ రక్షణ దొరుకుతుంది. ‘చెల్లించిన’ అన్న చోట ‘చెల్లించవలసిన’ అని పొరపాటున రాస్తే ఈ గొయ్యి మీ తెలుగు రాతలో పూడిపోతుంది, ఒప్పందంలో మాత్రం అలాగే ఉంటుంది. ఈ క్లాజును తిరగరాసేటప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకునే మాటలు మూడు: ‘చెల్లించిన’, ‘ఏది తక్కువైతే’, ‘మొత్తం సంచిత’. చివరిదానికి అర్థం, పరిమితి ఒక్కో తప్పుకు విడివిడిగా కాదు, ఒప్పందం అంతటికీ కలిపి ఒక్కటే అని.

ఐదో పని: అంకె చూపిన చోటికి వెళ్లడం

మూడో ముక్క చిన్నది, అందులో కఠినమైన మాట ఒక్కటీ లేదు. రెండు అంకెలున్నాయి: 6, 11. అవి చూపే పేజీలు తిప్పకుండా తొమ్మిదో క్లాజు అర్థమైందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆరో క్లాజు రహస్యాల గురించి. సంస్థ ధరలు, కొనుగోలుదారుల వివరాలు బయటపెట్టకూడదు. అక్కడ పరిమితి లేకపోవడం మామూలే, ఆ అమ్మాయి చేతిలో ఉన్న విషయమే.

పదకొండో క్లాజు శీర్షిక ‘ఇండెమ్నిటీ’. ఇతరుల ఫొటోలు, అక్షరశైలులు దొంగిలించి వాడితే వచ్చే దావాలకు డిజైనర్‌దే పూచీ అని సగం దాకా ఉంది. అది న్యాయమే. ఆ తర్వాత ఇలా ఉంది: “లేదా డిజైనర్ అందజేసిన పనిలోని ఏ దోషం వల్లనైనా సంస్థకు కలిగే సమస్త నష్టాలనూ డిజైనర్ భరించి, సంస్థకు నష్టం లేకుండా చూడవలెను.”

ఈ రెండు క్లాజులనూ పక్కపక్కన పెట్టి చదవండి. డిజైనర్ ఆ సంస్థకు చేసే తప్పు ఏ రూపంలో ఉంటుంది? తను ఇచ్చిన డిజైన్‌లో దోషం రూపంలోనే ఉంటుంది. ఆ దోషం పదకొండో క్లాజులోకి వెళ్తుంది. పదకొండో క్లాజుకు తొమ్మిదో క్లాజులోని ‘ఏదీ’ వర్తించదు. లక్ష పరిమితీ వర్తించదు, లాభాల నష్టం ఇవ్వక్కర్లేదన్న మాటా వర్తించదు. మూడుసార్లు చదివి తనకు రక్షణ అనుకున్న క్లాజు తను తప్పు చేసే ఆ ఒక్క సందర్భంలోనే మాయమైపోతుంది. సంస్థకు మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

పూచీకి 73వ సెక్షన్ అడ్డు పడుతుందిలే అని ధైర్యపడటానికీ లేదు. ఒప్పందాల చట్టంలో ఇండెమ్నిటీకి 124వ సెక్షన్ వేరుగా ఉంది. ‘సమస్త నష్టాలు’ అని రాసిచ్చాక, ఇది దూరపు నష్టం అని తప్పించుకోవడం సులభం కాదు.

రొయ్యల కంటైనర్‌ను ఇందులో పెట్టి చూశాం. అంకెలు మేము ఊహించుకున్నవే. అక్కడి గోదాములో కొత్త లేబుళ్లు అతికించడానికి 4,00,000. కంటైనర్ రేవులో కరెంటు మీద నిలిచినందుకు 3,50,000. విసిగిపోయిన కొనుగోలుదారు వచ్చే సీజన్ ఆర్డరు రద్దు చేసుకుంటే పోయే లాభం 25,00,000. తొమ్మిదో క్లాజు మొదటి రెండు ముక్కలే ఉంటే, 25 లక్షలు మొదటి ముక్కలో పోతాయి, మిగిలిన ఏడున్నర లక్షలకు రెండో ముక్క అడ్డం పడుతుంది, ఆ అమ్మాయి ఇవ్వవలసింది మహా అయితే లక్ష. మూడో ముక్క, పదకొండో క్లాజు కలిస్తే 32,50,000. చేతికొచ్చే రుసుము 1,80,000.

ఆరో పని: రాయడం

ఇప్పుడు మాత్రమే కలం పట్టాలి. ఒప్పందంలో మినహాయింపు చివర ఉంటుంది. మన రాతలో అది మొదట రావాలి, ఎందుకంటే డబ్బు అక్కడే ఉంది. మాకు వచ్చిన రాత ఇది:

“నేను ఇచ్చిన డిజైన్‌లో ఏ దోషం ఉన్నా, మీ రహస్యాలు నేను బయటపెట్టినా, మీకు జరిగిన నష్టమంతా నేనే ఇవ్వాలి. పోయిన లాభాలు కూడా అందులో చేరతాయి. దానికి పైపరిమితి లేదు.

ఆ రెండూ కాని సందర్భాల్లో, నా వల్ల మీకు నష్టం జరిగితే నేరుగా కలిగిన నష్టానికి మాత్రమే నేను డబ్బు ఇస్తాను. వ్యాపారం తగ్గిందని, పేరు చెడిందని మీరు అడిగినా ఇవ్వక్కర్లేదు, అలా జరగవచ్చని ముందే చెప్పి ఉన్నా సరే, ఏ పేరుతో అడిగినా సరే. (నేరుగా పోయిన లాభం సంగతి?) నేను ఇచ్చేది ఒప్పందం మొత్తానికి కలిపి, సంఘటనకు ముందు మూడు నెలల్లో మీరు నాకు చెల్లించిన డబ్బు, లేదా 1,00,000 రూపాయలు, ఏది తక్కువైతే దాన్ని దాటదు. (సంఘటన అంటే ఏ రోజు?)

మీ వల్ల నాకు నష్టం జరిగితే మీరు ఇచ్చేదానికి ఎప్పుడూ ఇదే పరిమితి. మీకు మినహాయింపులు లేవు. (నా రుసుము బాకీ కూడా ఈ పరిమితిలోకి వస్తుందా?)

ఒప్పందంలో వేరేచోట ఇంకోలా రాసి ఉన్నా ఈ క్లాజు మాటే చెల్లుతుంది.”

‘ఇందుకు విరుద్ధంగా ఏమి ఉన్నప్పటికీ’ అన్న ఆరంభం చివరి వాక్యంగా మారింది. పదకొండో క్లాజు కూడా అదే మాటతో మొదలైతే రెండూ కొట్టుకుంటాయి. మా దాంట్లో మొదలవలేదు. ‘చట్టం అనుమతించే గరిష్ఠ మేరకు’ అన్నదాన్ని వదిలేశాం. మన రాతలో మాట వదిలినంత మాత్రాన చట్టం వెళ్లిపోదు కదా. నేను జంకు లేకుండా కొట్టేసింది ఆ ఒక్కటే.

రాత సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటే. ఒప్పందం చూడని మనిషికి మన తెలుగు రాత మాత్రమే ఇచ్చి, కంటైనర్ కథ చెప్పి, ఎంత ఇవ్వాలని అడగాలి. మా ఆవిడను పిలిచాం. ఆమె రాత చదివి, “పూత పూసిన రొయ్యలా? ముప్పై రెండున్నర లక్షలు. ఎవరు సంతకం పెడతారు దీని మీద?” అంది. ఒప్పందంలోంచి మేము తీసిన అంకె, ఆమె చెప్పిన అంకె కలిశాయి. కలవకపోతే తప్పు చదివినవారిది కాదు, రాతది.

ఏడో పని: ఆ రాతతో ఏమి చేయాలి

దీన్ని మెయిలులో పంపి “మేము ఇలా అర్థం చేసుకున్నాం, సరేనా” అని అడగడం మంచిదే. వాళ్లు సరే అన్నంత మాత్రాన ఒప్పందం మారిపోదు. చాలా ఒప్పందాల చివర, ముందు జరిగిన మాటలన్నీ రద్దు, ఈ పత్రమే మొత్తం ఒప్పందం అనే క్లాజు ఒకటి ఉంటుంది. మీ మెయిలు దాని కింద నలిగిపోతుంది. మారవలసింది సంతకం పెట్టే పత్రమే.

కోర్టు జాలి చూపుతుందని కూడా లెక్క వేసుకోవద్దు. భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో కొరియర్‌లో పంపిన పత్రాలు జర్మనీకి ఆలస్యంగా చేరి, ఎగుమతిదారు నష్టపోయాడు. సంతకం చేసిన కొరియర్ పత్రంలో పరిమితి 100 డాలర్లని ఉంది. 1996లో సుప్రీంకోర్టు ఆ 100 డాలర్ల పరిమితినే నిలబెట్టింది. పరిమితి అంత గట్టిగా నిలబడినట్టే, పరిమితి లేదన్న మాట కూడా సంతకం కింద నిలబడుతుందనే అనుకుని చదవాలి. మోసం చేసినవాడు మాత్రం ఇలాంటి క్లాజు చాటున దాక్కోగలనని అనుకోకూడదు, అది వేరే సంగతి. పెద్ద మొత్తాలున్న ఒప్పందమైతే ఈ తెలుగు రాతను, ప్రశ్నగుర్తులతో సహా, న్యాయవాది ముందు పెట్టండి. పదకొండు పేజీలు చదివించుకునే కన్నా మూడు ప్రశ్నలకు జవాబు అడగడం ఆయనకూ మీకూ తేలిక.

ఆ అమ్మాయి సంస్థకు రాసిన మెయిలులో చట్టం మాటలు లేవు. పైన ఉన్న మొదటి పేరా పెట్టి, కంటైనర్ లెక్క పెట్టి, నాలుగు మార్పులు అడిగింది. పదకొండో క్లాజులోంచి ‘పనిలోని ఏ దోషం వల్లనైనా’ అన్నది తీసేయాలి, దొంగ ఫొటోల పూచీ ఉండనివ్వాలి. పరిమితి మూడు నెలల సూత్రంతో కాకుండా ఒకే అంకెగా ఉండాలి, మొత్తం రుసుము 1,80,000. రుసుము బాకీ ఆ పరిమితిలోకి రాదని ఒక వాక్యం చేర్చాలి. లేబుల్ మీది వివరాలు సరిగా ఉన్నాయో లేదో ముద్రణకు ముందు సంస్థ మనిషే చూసి సంతకం పెట్టాలి, ఎందుకంటే అమెరికా లేబుల్ నియమాలు తెలిసినవారు ఉన్నది సంస్థలో.

ఒకే అంకె అడిగినందుకు “తక్కువలో పోయేదాన్ని ఎందుకు పెంచుకున్నావు?” అని ఎవరైనా అడగవచ్చు. సూత్రం ప్రకారం తనకు 60,000 పడే అవకాశమూ ఉంది కదా. కానీ మూడు తేదీలకు మూడు జవాబులిచ్చే సూత్రం గొడవ వచ్చిన రోజు ఎటు ఒరుగుతుందో తెలియదు. తెలిసిన 1,80,000 నయమని ఇద్దరం అనుకున్నాం.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. చివరి రెండు మార్పులూ వెంటనే ఒప్పుకున్నారు. లేబుల్ తనిఖీ తమవాళ్లే చేస్తామని, అలా చేసి సంతకం పెట్టిన లేబుల్‌లోని తప్పుకు పదకొండో క్లాజు వర్తించదని రాశారు. దోషం అన్న మాటను పూర్తిగా తీయడానికి ఒప్పుకోలేదు. దాని బదులు, తనిఖీకి పంపని లేబుల్‌లోని దోషానికి డిజైనర్ ఇచ్చేది 3,60,000 మించదని పెట్టారు. మిగతా తప్పులకు ఆమె అడిగిన 1,80,000 ఖాయం చేశారు. ఆ అమ్మాయి కొత్త క్లాజును నాకు పంపే ముందే తెలుగులో రాసుకుంది. నాలుగు వాక్యాలు వచ్చాయి, ప్రశ్నగుర్తు ఒక్కటే మిగిలింది: “తనిఖీకి పంపాక వాళ్లు పది రోజులైనా సంతకం పెట్టకపోతే?” మళ్లీ మెయిలు పెట్టింది. ఐదు పనిరోజుల్లో జవాబివ్వకపోతే ఆమోదించినట్టే అన్న వాక్యం చేరాక, జూన్ 5న సంతకం చేసింది.